డీబీ బాక్సులో లైన్లు: గదికొకటి మేలా, పనికొకటి మేలా?

గోడలకు గాడి కొట్టి పైపులు వేసే వారంలోనే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. డీబీ అంటే ఇంట్లో లైన్లన్నీ మొదలయ్యే పెట్టె. దాన్నుంచి వైర్లను గదికొక లైను చొప్పున తీయాలా, లేక లైట్లు ఫ్యాన్లు ఒకటి, ప్లగ్ పాయింట్లు ఒకటి, గీజరు ఏసీ లాంటి బరువైనవి దేనికదిగా తీయాలా? ప్లాస్టరింగ్ అయ్యాక మనసు మార్చుకుంటే మళ్లీ గోడ పగలాల్సిందే. అందుకని రెండు పద్ధతుల్నీ ఒక మామూలు అపార్ట్‌మెంట్ ఫ్లాటు మీద పెట్టి చూద్దాం. రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు బాత్రూములు. సింగిల్ ఫేజు కనెక్షను. గీజర్లు రెండు, ఏసీలు రెండు, ఫ్రిజ్, వాషింగ్ మెషీను ఒక్కోటి. లైట్లకూ ఫ్యాన్లకూ ఇన్వర్టరు.

మనవైపు ఎక్కువగా కనిపించేది గదికొక లైను. గది తలుపు పక్కన ఒక స్విచ్‌బోర్డు, దాంట్లో లైటు స్విచ్చి, ఫ్యాను రెగ్యులేటరు, చివర ఒక ప్లగ్ పాయింటు. డీబీ నుంచి కరెంటు తెచ్చే ఫేజు ఒకటి, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ ఒకటి వచ్చి ఆ బోర్డులో అన్నిటికీ లూపు అవుతాయి. వైరు తక్కువ పడుతుంది, పని త్వరగా తెములుతుంది. ఇంకో నిజమైన లాభం కూడా ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. డీబీలో ఆ గది ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చి, ఒక్కటి దించితే స్విచ్‌బోర్డు మొత్తానికి కరెంటు ఆగిపోతుంది, రిపేరుకు వచ్చినవాడికి అయోమయం ఉండదు.

దీని ఇబ్బంది వంటగదిలో బయటపడుతుంది. వంటగది మొత్తానికి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ ఒక్కటే అనుకుందాం. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు. కరెంటు కెటిల్ 1500 వాట్లు, 6.5 ఆంపియర్లు. మైక్రోవేవ్ లాగేది సుమారు 1200 వాట్లు, 5.2 ఆంపియర్లు. మిక్సీ 750 వాట్లు, 3.3. ఫ్రిజ్‌కు ఒకటి వేసుకుంటే పొద్దున్నే టిఫిను వేళ మొత్తం 25 ఆంపియర్లకు దగ్గరవుతుంది.

16 ఆంపియర్ల ఎంసీబీ మీద 25 వెళ్తే టక్కున పడిపోతుందని చాలామంది అనుకుంటారు. పడదు. ఇళ్లలో వాడే ఎంసీబీల ప్రమాణం ప్రకారం రేటింగుకు 1.13 రెట్లు కరెంటు వెళ్తే గంటసేపటి వరకూ అది పడకూడదు. 1.45 రెట్లు వెళ్తే గంటలోపు పడాలి. 16కు 1.45 రెట్లంటే 23.2. మన వంటగది ఆ అంచును కాస్త దాటి ఉంది. మిక్సీ కాసేపు ఆపితే, కెటిల్ మరిగి ఆగిపోతే లెక్క మళ్లీ కిందికి దిగుతుంది. దాంతో ఎంసీబీ ఒకరోజు పది నిమిషాలకు పడుతుంది, మరోరోజు అసలు పడదు. ఇంట్లోవాళ్లు మిక్సీ పాడైందనుకుంటారు. ఎవరో ఒకరు వచ్చి ఎంసీబీ వీకైందని 25 ఆంపియర్లది వేసిపోతారు. అక్కడే అసలు ప్రమాదం. ఎంసీబీ కాపాడేది మిక్సీని కాదు, గోడలోని వైరును. రేటింగు పెరిగింది గాని వైరు అదే 2.5. ఇక అది వేడెక్కి ఇన్సులేషను గట్టిపడినా, ప్లగ్ పాయింటు వెనక స్క్రూ దగ్గర నల్లబడినా ఆపేవాళ్లు లేరు. ప్లగ్ పీకగానే పిన్నులు చేతికి వేడిగా తగులుతున్నా, సాకెట్ ముఖం పసుపుపచ్చగా మారుతున్నా ఆ దశ మొదలైనట్టే.

పనికొక లైను పద్ధతిలో ఈ గొడవ పుట్టదు. లైట్లూ ఫ్యాన్లూ 1.5 వైరు మీద, 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీతో. ఒక్కో లైట్ల లైనుకు 10 పాయింట్లు, 800 వాట్లు దాటకుండా చూడటం పాతకాలం నుంచి వస్తున్న లెక్క. ఇప్పుడు ఎల్‌ఈడీలతో వాట్లు ఎలాగూ దాటవు. అయినా లైట్లను రెండు లైన్లు చేయమనే నా మాట. హాలు, వంటగది, వరండా ఒకటి. పడకగదులు, బాత్రూములు ఒకటి. ఒకటి పడినా ఇల్లంతా చీకటి కాదు. ప్లగ్ పాయింట్లు 2.5 వైరు మీద, 16 ఆంపియర్లతో. గీజరు, ఏసీ, ఇండక్షన్ స్టవ్ మాత్రం ఒక్కొక్కదానికి డీబీ నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, 20 ఆంపియర్లు, మధ్యలో ఎక్కడా లూపు లేకుండా. రెండు కిలోవాట్ల గీజరుకు 2.5 కూడా చాలు గాని, రేపు దాన్ని తీసి మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు పెట్టరని ఎవరు చెప్పగలరు?

ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఈ పద్ధతిదే పైచేయి. లైట్ల లైన్లు విడిగా ఉంటే ఇన్వర్టరు అవుట్‌పుట్‌ను డీబీ దగ్గరే ఆ లైన్లకు ఇస్తే సరిపోతుంది. గదికొక లైను తీసిన ఇంట్లో అయితే ప్రతి స్విచ్‌బోర్డుకూ ఇన్వర్టరు వైరు మళ్లీ లాగాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు ఎవరో ఇస్త్రీపెట్టె పెడతారు, ఇన్వర్టరు ఓవర్‌లోడని అరుస్తుంది.

ఖర్చు మాటకొస్తే, పనికొక లైనుకు ప్రతి స్విచ్‌బోర్డుకూ రెండో ఫేజు, రెండో న్యూట్రల్ వెళ్లాలి. పైపు సైజు పెరుగుతుంది, ఎంసీబీలు పెరుగుతాయి. డబ్బు కంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. ఒకే బోర్డులో ఇప్పుడు రెండు లైన్లున్నాయి. లైట్ల ఎంసీబీ దించి స్విచ్చి మార్చబోయినవాడి వేలికి పక్కనే ఉన్న ప్లగ్ ఫేజు తగలొచ్చు. అందుకే ఈ పద్ధతి ఎంచుకుంటే లేబుళ్లు వేయడం తప్పనిసరి. రెండు లైన్ల ప్లేటు మీద ఆ సంగతి రాసి ఉండాలి. కవరు విప్పేవాడు టెస్టరును ముందు కరెంటు ఉందని తెలిసిన చోట వెలిగించి చూసి, తర్వాతే లోపలి స్క్రూలన్నిటి మీదా పెట్టాలి.

న్యూట్రల్ విషయంలో ఏమరపాటు అసలు పనికిరాదు. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమో కాదో ఆర్సీసీబీ చూస్తుంటుంది, తేడా 30 మిల్లీ ఆంపియర్లయితే తెంపేస్తుంది. మన ఫ్లాటులో ఒకటి కాకుండా రెండు ఆర్సీసీబీలు మేలంటాను. ఒకదాని కింద లైట్లూ ఫ్రిజ్, రెండోదాని కింద ప్లగ్గులు, గీజర్లు, ఏసీలు, వాషింగ్ మెషీను. గీజరు కాయిలుకు చిల్లుపడి లీకేజీ వచ్చినా ఇల్లు చీకటవదు, ఊరెళ్లినప్పుడు ఫ్రిజ్‌లో సరుకు పాడవదు. అయితే ఒక్కో ఆర్సీసీబీకి న్యూట్రల్ లింకు, అంటే న్యూట్రల్ వైర్లు బిగించే పట్టీ, విడిగా ఉండాలి. స్విచ్‌బోర్డులో పని సులువని లైటు న్యూట్రల్‌నూ ప్లగ్ న్యూట్రల్‌నూ ఒకచోట మెలిపెట్టేస్తే, ఫ్యాను వేయగానే ఆర్సీసీబీ పడుతుంది. దాన్ని పట్టుకోలేక ఆర్సీసీబీనే బైపాస్ చేసేసిన ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో తడి చేత్తో గీజరు ముట్టుకునేవాళ్లకు ఇక ఆ రక్షణ మిగల్లేదు. ఆర్సీసీబీ మాత్రం ఓవర్‌లోడుకు పడదని గుర్తుంచుకోవాలి, ఆ పని ఎంసీబీలదే.

ఇక పెట్టెలో అమరిక. మన ఫ్లాటుకు ఇల్లంతటికీ కరెంటు ఆపే మెయిన్ ఐసోలేటరు రెండు స్థానాలు, రెండు ఆర్సీసీబీలు నాలుగు స్థానాలు తీసుకుంటాయి. లైట్లు రెండు, ఫ్రిజ్ ఒకటి, హాలు పడకగదుల ప్లగ్గులు ఒకటి, వంటగది ప్లగ్గులు ఒకటి, ఇండక్షను ఒకటి, గీజర్లు రెండు, ఏసీలు రెండు, వాషింగ్ మెషీను ఒకటి. మొత్తం 17. రెండు మూడు ఖాళీలు వదలాలి కాబట్టి ఒక వరస పెట్టె చాలదు, రెండు వరసలది తీసుకోవాలి. పై వరసలో ఐసోలేటరు, మొదటి ఆర్సీసీబీ, దాని ఎంసీబీలు. కింది వరసలో రెండోది, దాని కిందివి. చూడగానే ఏది దేని కిందదో తెలుస్తుంది. ఒకే రకంవి పక్కపక్కనే పెడితే చదవడానికి బాగుంటుంది గాని, గీజరు ఎంసీబీలు రెండూ ఆనుకుని ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి ముందే పడతాయి. ఓవర్‌లోడుకు ఎంసీబీ పడేది లోపలి రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగడం వల్లే కదా. అందుకే గీజరు, ప్లగ్గులు, గీజరు, వాషింగ్ మెషీను అన్నట్టు మధ్యలో తేలికవి పెట్టడం నాకు నచ్చుతుంది. పొద్దున గీజరు నడిచే వేళ ఏసీ నడవదు కాబట్టి ఆ రెండూ పక్కపక్కన ఉన్నా నష్టం లేదు.

లేబులు దేనిమీద వేయాలన్నదానికీ రెండు దారులున్నాయి. ఎంసీబీ ఒంటి మీద స్టిక్కరు అంటిస్తే అది పాడై మార్చిన రోజున స్టిక్కరు కూడా చెత్తబుట్టలోకి పోతుంది. కవరు మీద మార్కరుతో ‘పిల్లల రూమ్’ అని రాస్తే నాలుగేళ్లకు అది అమ్మమ్మ గది అవుతుంది, అక్షరాలూ చెరిగిపోతాయి. అంకెలదే మేలు. ఎంసీబీ కింద కవరు మీద ఒక అంకె. లోపల ఆ లైను ఫేజుకూ న్యూట్రల్‌కూ అదే అంకె ఉన్న గొట్టాలు. న్యూట్రల్ లింకులో స్క్రూలు కూడా అదే వరసలో. తలుపు లోపలివైపు ప్లాస్టిక్ అట్టలో ఒక పట్టీ: 7, నైరుతి పడకగది ఏసీ, 4 స్క్వేర్ ఎంఎం, 20 ఆంపియర్లు. గదులకు దిక్కులు రాస్తే వాడకం మారినా పేరు మారదు, మన ఇళ్లలో దిక్కులు తెలియనివాళ్లూ ఉండరు. వైరు సైజు రాయడం మాత్రం మానొద్దు. రేపు 20 తీసి 32 వేయబోయేవాడి చేయి ఆగేది ఆ అంకె చూసే.

పట్టీని ఊహించి రాయకూడదు. పగటిపూట, ఫ్రిజ్ ఖాళీగా ఉన్నప్పుడు, ఇన్వర్టరును పూర్తిగా ఆపి, ఒక్కో ఎంసీబీ దించుతూ ఒకరు ఇల్లంతా తిరిగి ఏది ఆగిందో కేకేస్తే ఇంకొకరు రాయాలి. ప్రతి ప్లగ్గులోనూ టేబుల్ ల్యాంపు పెట్టి చూడాలి. ఏ ఎంసీబీ దించినా ఆరని పాయింటు ఒక్కటైనా మిగిలితే అది ఎక్కడినుంచో దొంగతనంగా లూపు అయినట్టు లెక్క, వెతికి సరిచేయించేదాకా ఎలక్ట్రీషియన్‌ను పంపకండి. ఆర్సీసీబీ టెస్టు బటన్ కూడా అప్పుడే నొక్కి చూడండి. మెయిన్ దించినా ఐసోలేటరు పైనున్న రెండు స్క్రూలలో కరెంటు ఉంటూనే ఉంటుంది కాబట్టి, లోపలి కవరు విప్పే పని మాత్రం లైసెన్సున్న మనిషికే వదిలేయండి.

మరి ఏది మేలు? కొత్తగా కట్టే ఇంటికైతే పనికొక లైనే. పాత ఇంట్లో పైపుల్లో చోటు లేకపోతే గదులను అలాగే ఉంచి, వంటగదికి రెండు లైన్లు, గీజర్లకూ ఏసీలకూ దేనికది విడి లైను, పైన ఒక ఆర్సీసీబీ వేయించండి. ఉన్నంతలో ఎక్కువ ప్రయోజనం అక్కడే దొరుకుతుంది. పడకగది లైటూ ప్లగ్గూ ఒకే లైను మీద ఉన్నా 10 ఆంపియర్ల ఎంసీబీ, 1.5 వైరు చాలు, అక్కడ పెట్టేది ఫోన్ ఛార్జరూ ల్యాప్‌టాపూ అయినంతకాలం.