ఒక జాకెట్, మూడు ప్రాంప్ట్‌లు: ఏది మేలు?

మా చిన్నమ్మ బిడ్డ దేవరకొండలో బొటిక్ నడుపుతుంది. కొలతలకు కుట్టివ్వడంతోపాటు, పోచంపల్లి ఇక్కత్ బట్ట తెచ్చి రెడీమేడ్ జాకెట్లు కుట్టి వాట్సాప్ కేటలాగ్‌లో పెడుతుంది. ఫొటో తీయడం ఆమెకు చిటికెలో పని. కింద నాలుగు ముక్కలు రాయాలంటేనే టెన్షన్. అందుకే ఫోన్‌లో ఒక ఏఐ టూల్‌తో రాయించుకోవడం మొదలుపెట్టింది.

మొదట్లో ప్రాంప్ట్ ఒక్క లైనే: ‘ఇక్కత్ జాకెట్‌కు అందమైన వివరణ రాయి.’ వచ్చిన జవాబులో స్వచ్ఛమైన పట్టు, చేతితో అద్దిన ప్రింట్, 42 సైజు వరకు సరిపోతుంది అని ఉంది. చదవడానికి ఇంపుగానే ఉందని అలాగే పెట్టేసింది. సాయంత్రానికి నల్లగొండ నుంచి ఒక కస్టమర్ మెసేజ్: ‘పట్టు అని రాసినవు కదమ్మా, ఫొటోల కాటన్ లెక్క కనబడుతుంది?’

అది కాటనే. ‘ప్రింట్’ అన్నది ఇంకా పెద్ద తప్పు. ఇక్కత్‌లో నూలును ముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, బట్ట తిప్పి చూసినా రంగు దాదాపు అంతే ఉంటుంది. ప్రింట్ వేసిన బట్టకైతే వెనకవైపు సాధారణంగా వెలిసినట్టు కనిపిస్తుంది. పోచంపల్లి బట్ట కొనేవాళ్లు చూసేదే ఈ తేడా. టూల్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి, ఇలాంటి బట్టల గురించి మామూలుగా రాసే మాటలతో ఖాళీ నింపేసింది. ‘ఇంకా ఆకర్షణీయంగా రాయి’ అంటే పొగడ్తలు పెరిగాయి తప్ప, తప్పులు పోలేదు.

రెండో పద్ధతిలో ఆమె జాకెట్‌ను టేబుల్ మీద పరిచి, చూసింది చూసినట్టు టైప్ చేసింది:

```
రెడీమేడ్ జాకెట్. పోచంపల్లి కాటన్ ఇక్కత్, నేసిన డిజైన్, ప్రింట్ కాదు.
మెరూన్ మీద తెలుపు. ఛాతీ 36. 38 వరకు వదులు చేయవచ్చు.
చేతుల పొడవు 10 అంగుళాలు. కాటన్ లైనింగ్. హుక్స్ ముందు.
నాలుగు చిన్న వాక్యాల్లో రాయి. పొగడ్తలు వద్దు.
నేను ఇవ్వని వివరం చేర్చొద్దు. ఏదైనా తక్కువైతే నన్ను అడుగు.
```

ఇందులో 38 అన్న అంకె ఊరికే రాలేదు. మొదట ‘లోపల అంగుళం మార్జిన్ ఉంది’ అని మాత్రమే రాస్తే, టూల్ 40 వరకు వస్తుందని తేల్చింది. లెక్క ప్రకారం తప్పులేదు: రెండు పక్కల కుట్లు, ఒక్కో కుట్టుకు ముందు వెనక రెండు పొరలు, నాలుగు అంగుళాలు. కానీ మొత్తం మార్జిన్ విప్పేస్తే కుట్టు నిలవడానికి బట్టే ఉండదు. పొరకు అరంగుళం వదిలితే మిగిలేది రెండు అంగుళాలే, అంటే 38. కత్తెర పట్టినవాళ్లకు తెలిసే సంగతి ఇది. అందుకే లెక్క టూల్‌కు వదలకుండా, తేలిన అంకెనే ఇవ్వాలి. ఈసారి జవాబులో తప్పు లేదు. పైగా ధర ఎంతని, ఎలా ఉతకాలని టూల్ తిరిగి అడిగింది. కస్టమర్లు రోజూ అడిగేవీ అవే.

అయితే ఈ పద్ధతికి టైమ్ పడుతుంది, టూల్ ఒక్కో జాకెట్‌కు ఒక్కో తీరుగా రాస్తుంది. కేటలాగ్ అంతా ఒకే తీరున ఉండాలని ఆమె మూడో దారి పట్టింది. బాగా కుదిరిన పాత వివరణను అతికించి, ‘ఇదే తరహాలో ఈ పచ్చ జాకెట్‌కు రాయి’ అంది. మాట తీరు అచ్చం కుదిరింది. కానీ పచ్చదానికి హుక్స్ వెనక ఉన్నాయి, లైనింగ్ లేదు. వివరణలో మాత్రం ముందు హుక్స్, కాటన్ లైనింగ్! పాత జాకెట్ సంగతులు కొత్తదానిలోకి దిగిపోయాయి. ఇది మొదటి పద్ధతి కన్నా ప్రమాదం, ఎందుకంటే పొగడ్తలు లేని శుభ్రమైన వాక్యాల్లో తప్పు కంటికి ఆనదు. పట్టుకోవడానికి ఒకటే దారి: జవాబులోని ఒక్కో మాటకూ మనం ఇచ్చిన వివరాల్లో ఆధారం ఎక్కడుందో వేలు పెట్టి చూసుకోవడం.

నన్నడిగితే, కొత్త రకం బట్ట వచ్చినప్పుడు రెండోదే మేలు. అదే రకంలో రంగు, సైజు మాత్రమే మారుతుంటే మూడోది పనికొస్తుంది, కానీ నమూనాలో బట్ట, రంగు, సైజు, హుక్స్, లైనింగ్ ఉన్నచోట ఖాళీ గీతలు పెట్టి, కొత్త జాకెట్ వివరాలు కింద విడిగా ఇవ్వాలి. చెల్లె ఇప్పుడు అలాగే చేస్తోంది. మగ్గం వర్క్ జాకెట్లకు మాత్రం నమూనా వాడదు. రెండు జాకెట్ల పని ఒకేలా ఉండదు కాబట్టి, పూసలా, జరీనా, పని ఎక్కడివరకు ఉందో ప్రతిసారీ చూసి రాసుకుంటుంది.