జాగ్రత్త: ఫుల్ లోడ్ ఎఫిషియెన్సీ ఒక్కటే చూపించి ట్రాన్స్‌ఫార్మర్ అంటగడుతున్నారు

హైదరాబాద్‌లో హెచ్‌టీ కనెక్షన్ ఉండి, సొంత ట్రాన్స్‌ఫార్మర్ కొనబోతున్న అపార్ట్‌మెంట్ కమిటీల కోసం ఇది రాస్తున్నాను. మాది నిజాంపేట వైపు. పాత ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే 250 కేవీఏ, 11 కేవీ/433 వోల్టులది కొత్తది ఆర్డరిచ్చాం. అమ్మినవాళ్ల పేరు రాయను, గొడవ ఇంకా తెగలేదు. కానీ వాళ్లు వాడిన లెక్క తెలిస్తే మీరు తప్పించుకోవచ్చు.

కొటేషన్‌లో మొత్తం నష్టాలు సగం లోడ్ దగ్గర 975 వాట్లు, ఫుల్ లోడ్ దగ్గర 2925 వాట్లు అని ఉంది. వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ టెస్ట్ రిపోర్టులో మాత్రం ఒకే అంకె: ఫుల్ లోడ్ నష్టం 2900 వాట్లు. "చూడండి సార్, చెప్పినదానికన్నా 25 వాట్లు తక్కువే ఇచ్చాం" అన్నారు. నిజమే. 250 కిలోవాట్ల అవుట్‌పుట్ మీద ఎఫిషియెన్సీ 98.84 బదులు 98.85 శాతం వస్తుంది. మోసమంతా ఆ ఒక్క అంకె వెనకే ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్‌లో నష్టాలు రెండు రకాలు. ఐరన్ లాస్ కోర్‌లో జరుగుతుంది. వోల్టేజ్ ఉన్నంతసేపు, ఇంట్లో ఒక్క బల్బు వెలగకపోయినా అది పోతూనే ఉంటుంది. కాపర్ లాస్ వైండింగ్‌లో జరుగుతుంది, కరెంటు వర్గంతో పెరుగుతుంది. అంటే సగం లోడ్ దగ్గర అది ఫుల్ లోడ్‌లో పావు వంతే. అందుకే సగం, ఫుల్ లోడ్ అంకెలు రెండూ చేతిలో ఉంటే ఏది ఎంతో విడదీయొచ్చు. 2925 నుంచి 975 తీసేస్తే 1950. ఇది కాపర్ లాస్‌లో ముప్పావు వంతు కాబట్టి కాపర్ లాస్ 2600 వాట్లు, మిగిలిన 325 వాట్లు ఐరన్ లాస్. మాకు చెప్పిన సరుకు ఇది.

వచ్చిన సరుకు వేరు. రాత్రి రెండింటికి, లిఫ్టులు కూడా ఆగిపోయిన వేళ, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మని గట్టిగా మోగుతోంది, ట్యాంకు తాకితే వెచ్చగా ఉంది. లోడ్ లేనప్పుడు వేడి ఎందుకు? లైసెన్సున్న కాంట్రాక్టర్‌ని పిలిచి ఓపెన్ సర్క్యూట్ టెస్ట్ చేయించాం. హెచ్‌టీ వైపు తెరిచి ఉంచి, ఎల్‌టీ వైపు 433 వోల్టులు ఇస్తే వాట్‌మీటర్ 900 వాట్లు చూపించింది. (ఈ టెస్టులో తెరిచి ఉన్న హెచ్‌టీ బుషింగుల దగ్గర 11,000 వోల్టులు ఉంటాయి. వాచ్‌మన్‌తోనో ఇంటి వైరింగ్ చేసేవాళ్లతోనో చేయించే పని కాదు.) ఐరన్ లాస్ 900 అయితే కాపర్ లాస్ 2000. రెండూ కలిపితే రిపోర్టులో ఉన్న 2900 సరిపోయింది!

కాంట్రాక్టర్ అనుమానం ఏమిటంటే ఇది పాత కోర్‌కి కొత్త వైండింగ్ చుట్టిన సరుకు. కాయిల్స్ తీసేటప్పుడు కోర్‌లో పేర్చిన సన్నని ఉక్కు రేకుల మీద పూత దెబ్బతిన్నా, మళ్లీ పేర్చేటప్పుడు కీళ్ల దగ్గర సందులు మిగిలినా ఐరన్ లాస్ పెరుగుతుంది, మోత కూడా. బయటి పెయింట్ కొత్తదే.

ఇప్పుడు అసలు లెక్క. ఎఫిషియెన్సీ గరిష్ఠంగా ఉండేది ఐరన్ లాస్, కాపర్ లాస్ సమానమైన చోట. లోడ్ పెరిగేకొద్దీ ఒక్కో యూనిట్ మీద పడే ఐరన్ లాస్ వాటా తగ్గుతుంది, కాపర్ లాస్ వాటా పెరుగుతుంది. రెండూ కలిసిన మొత్తం తక్కువయ్యేది అవి సమానమైన దగ్గరే. ఆ లోడ్ ఎక్కడుందో ఇలా తెలుస్తుంది (x అంటే ఫుల్ లోడ్‌లో ఎంత వంతు):

```
x = √(ఐరన్ లాస్ / ఫుల్ లోడ్ కాపర్ లాస్)
చెప్పింది : √(325/2600) = 0.354
వచ్చింది  : √(900/2000) = 0.671
```

చెప్పినది 35 శాతం లోడ్ దగ్గర, అంటే సుమారు 88 కిలోవాట్ల దగ్గర 99.27 శాతం ఇస్తుంది. వచ్చినది 67 శాతం లోడ్ దాకా పోతేగానీ తన గరిష్ఠానికి రాదు, అదీ 98.94 మాత్రమే. మా అపార్ట్‌మెంట్ లోడ్ అంత పైన ఎప్పుడుంటుంది? పండగ సాయంత్రం ఒక గంట.

మామూలు రోజు మా లోడ్ స్థూలంగా ఇలా ఉంటుంది: సాయంత్రం 6 గంటలు 60 శాతం, పగలు 10 గంటలు 30 శాతం, అర్ధరాత్రి తర్వాత 8 గంటలు 10 శాతం. లెక్క తేలిక కోసం పవర్ ఫ్యాక్టర్ 1 అనుకుందాం. వాడే కరెంటు 900, 750, 200 కలిపి రోజుకు 1850 యూనిట్లు. కాపర్ లాస్‌కి ఒక్కో లోడ్ వర్గాన్ని దాని గంటలతో గుణించి కలిపితే 3.14 వస్తుంది. అంటే రోజంతా కలిపి ఫుల్ లోడ్‌లో 3.14 గంటలు నడిచినంత కాపర్ లాస్. ఐరన్ లాస్‌కి మాత్రం పూర్తిగా 24 గంటలు.

```
చెప్పింది : 0.325×24 + 2.6×3.14 = 15.96 యూనిట్లు
           1850 / 1865.96 = 99.14%
వచ్చింది  : 0.9×24 + 2.0×3.14 = 27.88 యూనిట్లు
           1850 / 1877.88 = 98.52%
```

దీన్నే ఆల్ డే ఎఫిషియెన్సీ అంటారు. మనలాంటి లోడ్‌కి చూడాల్సిన అంకె ఇదే. తేడా రోజుకు దాదాపు 12 యూనిట్లు, ఏడాదికి 4350. హెచ్‌టీ మీటర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు ఉంటుంది కాబట్టి ఈ నష్టం మన బిల్లులోనే పడుతుంది. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా ఏటా 35 వేలు. మూడు షిఫ్టులూ నిండు లోడ్‌తో నడిచే ఫ్యాక్టరీకైతే ఈ రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ దాదాపు ఒకటే, అది వేరే సంగతి.

మేం నిలదీస్తే వాళ్లు రెండు వాదనలు తెచ్చారు. మొదటిది, హెచ్‌టీ మీటర్‌లోంచి ఎల్‌టీ ప్యానెల్ మీటర్ రీడింగ్ తీసేసి నెలకు నష్టం ఎంతో చూడమన్నారు. ఇది పనికిరాదు. నెలకు 55,500 యూనిట్ల మీద అర శాతం మీటర్ తేడా అంటేనే 278 యూనిట్లు, మనం వెతుకుతున్న తేడా 357. రెండు మీటర్ల తప్పులు కలిస్తే అసలు విషయం అందులోనే మునిగిపోతుంది. రెండోది, వాళ్లే జనరేటర్ తెచ్చి మళ్లీ టెస్ట్ చేసి 770 వాట్లే వచ్చిందన్నారు. చూస్తే వాళ్లిచ్చింది 400 వోల్టులు. ఐరన్ లాస్ దాదాపు వోల్టేజ్ వర్గంతో మారుతుంది కాబట్టి 433కి సరిచేస్తే మళ్లీ 900 దగ్గరికే వచ్చింది.

మీరు ఆర్డర్‌లో "ఎఫిషియెన్సీ 98.8 పైన" అని రాయించుకోకండి. నో లోడ్ నష్టం, అంటే ఐరన్ లాస్, 433 వోల్టుల దగ్గర ఎన్ని వాట్లు, లోడ్ నష్టం, అంటే కాపర్ లాస్, వైండింగ్ 75 డిగ్రీల దగ్గర ఎన్ని వాట్లు అని విడివిడిగా రాయించండి. దాటిన ప్రతి వాటుకూ కోత కూడా రాయించండి. మా లోడ్‌కి, అదే 8 రూపాయల లెక్కన, ఒక వాటు ఐరన్ లాస్ ఏడాదికి 70 రూపాయలు, ఒక వాటు కాపర్ లాస్ 9 రూపాయలు. కోత కూడా ఆ నిష్పత్తిలోనే ఉండాలి. లేకపోతే అక్కడ తగ్గించాం, ఇక్కడ పెరిగిందని సరిపెట్టేస్తారు.

మాకు ఇంకా 20 శాతం బాకీ ఉంది, అది ఆపాం. కోర్ మార్చి ఇస్తామంటున్నారు. బండెక్కించే ముందు వాళ్ల షెడ్డులో, మా కాంట్రాక్టర్ ముందు, 433 వోల్టులు పెట్టి నో లోడ్ నష్టం టెస్టూ, దాంతోపాటు విడిగా లోడ్ నష్టం టెస్టూ చూపిస్తేనే తీసుకుంటామని రాసిచ్చాం. జవాబు రావాల్సి ఉంది.