హైడ్రాక్సిజిన్ 25: పదిహేను నెలల నిద్ర, ఒక ఈసీజీ

మా అడ్తిలో హమాలీలు దీన్ని దురద గోలీ అంటారు. నేనైతే పదిహేను నెలలు నిద్ర గోలీ అనే అన్నాను. కిందటేడు జనవరిలో మొదలుపెట్టి ఈ ఏప్రిల్ దాకా వాడాను. ఎందుకు మానేశానో చెప్పే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి రాత్రి పట్టిన నిద్ర లాంటిది నాకు అంతకు ముందు చాలా ఏళ్లుగా లేదు.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో గుమాస్తాను. మిర్చి సీజన్‌లో ఐదున్నరకల్లా హనుమకొండ నుంచి బండి తీయాలి. పగలంతా పనిలో దురద గుర్తుండదు. పడుకోగానే నడుము, తొడలు, మోచేతుల దగ్గర మొదలవుతుంది. గోకినకొద్దీ గీతలు గీతలుగా లేస్తాయి. దానికి తోడు మర్నాటి లెక్కల టెన్షన్. మిర్చి ఘాటు పడక అనుకున్నాను. చర్మం డాక్టర్ మేడమ్ ముందు వేళ్ల సందులు చూశారు, ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిపూట దురద ఉందా అని అడిగారు. ఉంటే గజ్జి అయ్యే అవకాశం ఎక్కువట, అప్పుడు దురద గోలీ రోగాన్ని కప్పిపెడుతుందే తప్ప పురుగును చంపదు. మాకు అది లేదు. తర్వాత పెన్ను మూతతో నా ముంజేతి మీద ఒక గీత గీశారు. ఐదు నిమిషాల్లో ఆ గీత ఎర్రగా ఉబ్బి, తాడు అతికించినట్టు నిలబడింది. చర్మం రాపిడికి దద్దురు లేచే తత్వం అన్నారు. పగటికి మత్తు లేని గోలీ ఒకటి, రాత్రికి హైడ్రాక్సిజిన్ 25, రెండు వారాలకే రాశారు.

ఆ రెండు వారాలను పదిహేను నెలలు చేసింది నేనే. చీటీ పాతదైనా తెలిసిన మెడికల్ షాపు కాబట్టి అడగ్గానే ఇచ్చేవాడు.

దీని మత్తు గురించి ఎవరూ సరిగా చెప్పరు. రాత్రి వేసుకుంటే పొద్దున్నే దిగిపోతుందనుకుంటాం. పెద్దవాళ్ల ఒంట్లో ఇది సగానికి తగ్గడానికే ఇరవై గంటలు పడుతుందట. పదకొండింటికి వేసుకున్న 25లో మర్నాడు సాయంత్రం ఏడింటికి కూడా సగం మిగిలే ఉంటుంది. రెండో రాత్రి గోలీ వేసుకునే వేళకు పాతది ఇంకా 11 దాకా ఉంటుంది, దాని మీద కొత్త 25. అలా పేరుకుంటూ నాలుగైదు రోజులకు 44 దగ్గర నిలబడుతుంది. లెక్కలు రాసేవాణ్ణి కదా, మేడమ్ ఆ ఇరవై గంటల సంగతి చెప్పాక చీటీ వెనక వేసి చూసుకున్నాను. మొదటి రోజు హాయిగా లేచిన నేను ఐదో రోజు కల్లు తాగిన మర్నాడులా ఎందుకు లేచానో అప్పుడు అర్థమైంది.

ఆ వారంలోనే బస్తాల లెక్క రాసే తక్‌పట్టీలో 38 బస్తాలకు 83 రాశాను. హమాలీ మేస్త్రీ చూసి, "ఏంది సారూ, రాత్రి నిద్ర లేదా?" అన్నాడు. ఉన్న బాధంతా నిద్ర ఎక్కువవడమే అని ఆయనకు చెప్పలేదు. మేడమ్ మాట విని పదకొండుకు బదులు ఎనిమిదింటికే వేసుకోవడం మొదలుపెడితే కొంత నయమైంది. కొందరికి వారం పది రోజుల్లో మత్తు అలవాటైపోతుందట. నాకు సగమే అయింది. నోరెండడం మాత్రం చివరిదాకా పోలేదు, మంచం పక్కన చెంబు ఉండాల్సిందే. మా బాపు ఒక రాత్రి నాకూ ఒకటియ్యమన్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉంది. ఇలాంటి వాళ్లకు దీంతో మూత్రం బిగుసుకుపోవచ్చని తెలుసు కాబట్టి ఇవ్వలేదు. ఈ మొత్తం కథలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఇక ఏప్రిల్ సంగతి. ఎండ దెబ్బో, బయట తిన్న తిండో, రెండు రోజులు వాంతులు, విరేచనాలు. దగ్గర్లో ఉన్న ఆర్ఎంపీ అజిత్రోమైసిన్ ఇచ్చి, వాంతులు ఆగడానికి ఒండాన్‌సెట్రాన్ సూది వేశాడు. వేరే గోలీలు ఏమైనా వాడుతున్నావా అని అడిగాడు. లేదన్నాను. దురద గోలీ కూడా మందే అని ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆ రాత్రి కూడా ఎనిమిదింటికి అలవాటుగా ఒకటి వేసుకున్నాను.

తొమ్మిదిన్నరకు గుండె దడ మొదలైంది. మామూలు దడ కాదు. నాలుగు దెబ్బలు కొట్టుకుని ఒకటి తప్పినట్టు, ఆ తర్వాతది ఛాతీలో గట్టిగా తన్నినట్టు. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మాయి. టెన్షన్ అనుకున్నాను. టెన్షన్‌కూ ఇదే గోలీ పనిచేస్తుంది కదా అని స్ట్రిప్ చేతిలోకి తీసుకున్నాను. మా ఆవిడ, "ఏందయ్యా, ఇందాకనే ఏసుకుంటివి గదా" అని లాక్కుంది. పిల్లవాడు బండి తీశాడు.

ఆస్పత్రిలో ఈసీజీ కాగితం చూసి డ్యూటీ డాక్టర్ మొదట అడిగింది మందుల గురించే. ప్రతి దెబ్బకూ గుండె మళ్లీ సిద్ధమవడానికి ఎంతసేపు పడుతోందో చూపే క్యూటీసీ 492 మిల్లీసెకన్లు. మగవాళ్లకు 450 దాకా మామూలు, 500 దాటితే ప్రమాదం బాగా పెరుగుతుంది. రక్తంలో పొటాషియం 3.1, ఉండాల్సింది కనీసం 3.5. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది: గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ సిద్ధమవ్వాలంటే దాని కణాల్లోంచి పొటాషియం బయటికి పోవాలి. హైడ్రాక్సిజిన్ ఆ దారిని కొంత మూస్తుంది. ఒంటరిగా, తక్కువ మోతాదులో, గుండె బాగున్నవాళ్లకు సాధారణంగా ఏమీ కాదు. నాకు అజిత్రోమైసిన్, ఒండాన్‌సెట్రాన్ కూడా అదే వైపు లాగాయి, విరేచనాల్లో పొటాషియం పోయింది. ఆ సిద్ధమయ్యే సమయం సాగిపోతే గుండె లయ తప్పి, ఒక్కోసారి మనిషి అక్కడికక్కడే కూలిపోతాడట. యూరప్ మందుల సంస్థ 2015లోనే ఈ కారణంగా పెద్దవాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములు దాటొద్దని, వృద్ధులకు వీలైతే అసలు వద్దని, తప్పనిసరైతే 50 మించొద్దని చెప్పిందట. నాది 25 మాత్రమే. మోతాదు లోపలే ఉండి కూడా ఇరుక్కున్నాను.

రాత్రంతా మానిటర్ పెట్టి పొటాషియం ఎక్కించారు, మూడు మందులూ ఆపేశారు. మూడో రోజు క్యూటీసీ 428కి వచ్చింది. ఆర్ఎంపీని నిందించలేను, అడిగాడు, నేనే లేదన్నాను. షాపువాడి మీద మాత్రం కొంచెం కోపం ఉంది, పదిహేను నెలల్లో ఒక్కసారైనా చీటీ ఏదని అడగొచ్చు కదా.

మరి ఈ గోలీ మంచిదా, చెడ్డదా అంటే, నా దురదను నిజంగా తగ్గించింది. మొదటి నెల నాకు ప్రాణం లేచివచ్చింది, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆ సుఖంలో సగం దురద తగ్గడం వల్ల, సగం మత్తు వల్ల. రెండూ కలిపి మందు మహిమ అనుకున్నాను. పదింటికి తీరిగ్గా లేచేవాళ్లకు, వేరే మందులు లేనివాళ్లకు, పది రోజుల పాటు డాక్టర్ రాస్తే నా అంత కథ ఉండకపోవచ్చు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే మాత్రం ముందే డాక్టర్‌కు చెప్పాలి, అది నన్ను ఆస్పత్రిలో అడిగిన రెండో ప్రశ్న.

ఇప్పుడు పొద్దున ఫెక్సోఫెనడిన్ 180 ఒకటి. దురద ముప్పావు వంతు తగ్గింది, కునికిపాట్లు లేవు, తక్‌పట్టీలు సరిగ్గా వస్తున్నాయి. నిద్ర మాత్రం అప్పటిలా పట్టడం లేదు, రెండింటికి మెలకువ వచ్చి పడుకుని ఉంటాను. అప్పుడప్పుడు పెన్ను మూతతో ముంజేతి మీద ఒక గీత గీసి చూసుకుంటాను. ఇంకా లేస్తుంది, కానీ సన్నగా. పావుగంటలో పోతుంది.