‘సీజనింగ్ అయిపోయింది’ అని అమ్మే నల్లటి పెనం కొనేముందు ఒక్కసారి ఆగండి

గత నెలలో ఆన్‌లైన్‌లో పోత ఇనుము దోసె పెనం ఒకటి కొన్నాను. పదకొండు అంగుళాలది, ధర 1,150 రూపాయలు. సీజనింగ్ పూర్తయిందనీ, కడిగి నేరుగా దోసె వేసుకోవచ్చనీ వివరాల్లో రాసి ఉంది. మూడో రోజు ఉదయం దోసె అడుగున నల్లటి పెచ్చులు అంటుకొని వచ్చాయి. అప్పటికే మా పాప సగం దోసె తినేసింది. పెచ్చు లేచిన చోట గోటితో గీకి చూస్తే కింద నారింజ రంగులో తుప్పు కనిపించింది. తుప్పు పట్టిన పెనానికి నల్లరంగు పూసి సీజనింగ్ పేరుతో అమ్మారు.

రెండింటికీ తేడా తెలియకపోవడం వల్లే నేను మోసపోయాను. సీజనింగ్ అంటే ఇనుముకు నూనెను చాలా పలచగా పట్టించి పొగ వచ్చేదాకా కాల్చడం. ఆ వేడికి నూనె గట్టిపడి ఇనుమును అంటిపెట్టుకుని ఉండే పొరగా మారుతుంది. అలా వచ్చిన నలుపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. ఒకచోట గోధుమ ఛాయ, ఇంకోచోట ముదురు నలుపు కనిపిస్తాయి. రంగు వేసిన పెనం మాత్రం అంచు నుంచి అంచు దాకా ఒకే నిగారింపుతో ఉంటుంది. పిడికి ఉన్న రంధ్రం లోపల చూస్తే రంగు కారి గడ్డకట్టిన గుర్తు కూడా దొరకవచ్చు. నా పెనానికి అది ఉంది, నేనే చూసుకోలేదు. మొదటిసారి వేడిచేసినప్పుడు మాడిన నూనె వాసన కాకుండా, కొత్తగా రంగులు వేసిన తలుపు వాసన వచ్చింది. దాన్నీ పట్టించుకోలేదు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో దూది ముంచి, పొయ్యికి దూరంగా, పెనం వెనకవైపు గట్టిగా రుద్దండి. నిజమైన సీజనింగ్ అయితే దూదికి కాస్త గోధుమ మరక అంటుతుంది, అంతే. రంగయితే మెత్తబడి చిక్కటి నలుపుగా ఊడి వస్తుంది. అయితే కొన్ని రకాల రంగులు ఈ ద్రవానికి లొంగవు. కాబట్టి దూది శుభ్రంగా ఉన్నంత మాత్రాన పెనం మంచిదని తేల్చుకోకండి. వాసన, నిగారింపు, పెచ్చులు, వీటన్నిటినీ కలిపి చూడాలి.

అమ్మినవారికి ఫొటోలు పంపితే వచ్చిన జవాబే నన్ను ఎక్కువ నష్టపరిచింది. కొత్త పెనాలు మొదట్లో ఇలాగే ఉంటాయని, బాత్‌రూములు కడిగే యాసిడ్‌తో రుద్ది మళ్లీ నూనె రాయమని చెప్పారు. నేను నమ్మి ఆ పని చేశాను. దయచేసి మీరు చేయకండి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పు నిమిషాల్లో పోయింది కానీ, మర్నాటికి పెనమంతా ముందుకన్నా ఎర్రగా తయారైంది. పోత ఇనుము పైకి నునుపుగా కనిపించినా సన్నని రంధ్రాలతో ఉంటుంది. యాసిడ్ వదిలిన క్లోరైడ్ ఆ రంధ్రాల్లో మిగిలిపోయి గాలిలోని తేమను లాగుతుంది, దాంతో తుప్పు మళ్లీ మళ్లీ వస్తుంది. యాసిడ్ నుంచి వచ్చే పొగ పీల్చడం ఊపిరితిత్తులకు ప్రమాదం. పైగా రంగు చాలావరకు అలాగే ఉండిపోయింది.

రంగును మంట మీద కాల్చి వదిలించవచ్చని కొందరు చెబుతారు. అదీ వద్దు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదని మన దేశంలో 2017 నుంచి నియమం ఉంది కానీ, పరిశ్రమల్లో వాడే రంగులు దాని పరిధిలోకి రావు. పెనానికి పూసింది ఏ రంగో మనకు తెలియదు. వంటగదిలో దాన్ని కాల్చి ఆ పొగ పిల్లల మధ్య వదలడం కన్నా పెనాన్ని వదులుకోవడమే మంచిది. వాపసు గడువు ఏడు రోజులు. దాన్ని నేను రుద్దడంలోనే గడిపేశాను. మీకు అనుమానం వచ్చిన రోజే ఫొటోలు తీసి, వాడడం ఆపి, వాపసు అడగండి. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

ఆ తర్వాత బజారులో ఏ పూతా లేని పెనం 450 రూపాయలకు కొన్నాను. దాని మీద తుప్పు పైకే కనిపిస్తోంది. నా దృష్టిలో అదే నిజాయతీ గల సరుకు. తుప్పును మనం తీసేయగలం.

ఒక ప్లాస్టిక్ తొట్టిలో సగం వెనిగర్, సగం నీళ్లు పోసి పెనం పూర్తిగా మునిగేలా పెట్టాను. సగమే మునిగితే నీటి అంచున గీత పడుతుంది. అరగంటకోసారి తీసి స్టీలు పీచుతో రుద్దాను. గంటన్నరకు తుప్పు పోయి బూడిదరంగు ఇనుము కనిపించింది. అక్కడితో ఆపేయాలి. తుప్పు అయిపోయాక కూడా ఉంచితే వెనిగర్ ఇనుమునే తినడం మొదలుపెడుతుంది, పెనం గరుకుగా మారుతుంది. రాత్రంతా నానబెట్టమనే సలహాలను అందుకే నమ్మకండి. పులిసిన గంజి కూడా తుప్పును తీస్తుంది కానీ చాలా నెమ్మదిగా.

తీశాక ఒక చెంచా వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, తుడిచి వెంటనే పొయ్యి మీద పెట్టాను. ఈ ‘వెంటనే’ చాలా ముఖ్యం. ఒట్టి ఇనుము తడిగా ఉంటే నిమిషాల్లో నారింజ రంగుకు తిరుగుతుంది.

గోరువెచ్చని పెనానికి రెండువైపులా అర చెంచా వేరుశనగ నూనె రాసి, పొడిగుడ్డతో దాదాపు మొత్తం తుడిచేశాను. చూస్తే నూనె రాసినట్టే తెలియకూడదు. కిటికీలు తెరిచి, పెద్ద మంట మీద పొగ మొదలై మళ్లీ తగ్గేదాకా ఉంచాను. గ్యాసు మంట మధ్యలోనే తగులుతుంది కాబట్టి పెనాన్ని జరుపుతూ అంచులను కూడా కాల్చాలి. చల్లారాక మళ్లీ ఇదే పని, మొత్తం నాలుగుసార్లు. రెండోసారి నూనె ఎక్కువై పెనం వేలికి జిగటగా తగిలింది. నూనె రాయకుండా ఇంకోసారి కాల్చితే ఆ జిగట పోయింది. బూడిదరంగు గోధుమగా, ఆపై నల్లగా మారుతుంటే పొర పడుతున్నట్టే. మొదటి రెండు దోసెలు అంటుకున్నాయి, మూడోది చక్కగా లేచింది. కొన్ని వారాల పాటు చింతపండు, టమాటా ఆ పెనం మీద పెట్టకండి, పులుపు కొత్త పొరను కరిగిస్తుంది.

కత్తిపీటకు, ఇనుప చాకుకు తుప్పు పడితే వెనిగర్‌లో తడిపిన గుడ్డ పది, పదిహేను నిమిషాలు చుట్టి రుద్దితే చాలు. కానీ వాటిని పెనంలా మంట మీద పెట్టవద్దు. అంచు నీలంగా మారేంత వేడి తగిలితే గట్టిదనం పోయి, ఎంత సాన పట్టినా పదును నిలవదు. కడిగి ఆరబెట్టి పలచగా నూనె రాసి ఉంచండి.

పెనం కొనేముందు అమ్మేవారిని ఒకే ప్రశ్న అడగండి: “పైనున్న పూత నూనెదా, మైనమా, రంగా?” జవాబు సందేశంగానే తెప్పించుకుని దాచుకోండి. కాల్చని నూనె, మైనమైతే వేడినీళ్లూ సబ్బుతో పోతాయి. “అవేవీ కాదు, అది కంపెనీ నలుపు” అంటే మాత్రం కొనకండి.