పాత బీ450 బోర్డు మీద ఆర్‌టీఎక్స్ 4060 టీఐ: స్లాట్ వల్ల ఎంత పోతుంది?

కడపలో పీసీ కట్టించుకునేవాళ్లలో బీ450 బోర్డు, దాని మీద రైజెన్ 5 5600 ఉన్నవాళ్లు బాగానే కనిపిస్తారు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనబోయేటప్పుడు వాళ్లకు వచ్చే డౌట్ ఒకటే: కార్డు పీసీఐఈ 4.0, మన స్లాట్ 3.0 కదా, సగం స్పీడు పోతుందా? ఈ బోర్డు మీదే ఆర్‌టీఎక్స్ 4060 టీఐ, 8 జీబీ రకం, చాలాకాలంగా వాడుతున్నాను. సగం పోదు. మామూలు గేముల్లో పోయేది రెండు మూడు శాతం, చాలాచోట్ల అదీ కనపడదు. ఒక్క సందర్భంలో మాత్రం బాగా దెబ్బ తింటారు, అసలు తెలుసుకోవాల్సింది దాని గురించే.

ఈ కార్డుకు కనెక్టర్ పొడవుగా 16 లేన్లది ఉన్నట్టే ఉంటుంది గానీ, లోపల పనిచేసేవి 8 లేన్లే, అంటే డేటా నడిచే బాటలు ఎనిమిదే. 3.0లో ఒక్కో లేనుకు సెకనుకు దాదాపు 1 జీబీ పోతుంది, అంటే మన స్లాట్‌లో ఈ కార్డుకు దక్కేది 7.9 జీబీ. 4.0 బోర్డులో అయితే 15.75 జీబీ. ఆర్‌టీఎక్స్ 4070 లాంటి 16 లేన్ల కార్డు పెడితే మన 3.0 స్లాట్‌లోనే ఆ 15.75 జీబీ వస్తుంది. కాబట్టి పాత బోర్డు ఉన్నవాళ్లు స్లాట్ జనరేషన్ కంటే ముందు చూడాల్సింది కార్డుకు ఎన్ని లేన్లు ఉన్నాయన్నది. 4060, ఆర్‌ఎక్స్ 6600 కూడా 8 లేన్లవే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నవి 4 లేన్లే, మెమరీ కూడా 4 జీబీయే. దాన్ని 3.0 బోర్డులో పెట్టొద్దు.

మరి ఇంత తక్కువ దారి ఉన్నా గేముల్లో ఎందుకు తెలియదంటే, టెక్స్చర్లు, మోడళ్లు ఒకసారి కార్డు మెమరీలోకి ఎక్కాక, ప్రతి ఫ్రేముకూ స్లాట్ గుండా నడిచేది కొద్దిగా డేటానే. 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల టైము ఉంటుంది. ఆ టైములో 7.9 జీబీ దారి గుండా సుమారు 130 ఎంబీ పోగలదు. కార్డు మెమరీ స్పీడు సెకనుకు 288 జీబీ, అంటే అదే టైములో 4.8 జీబీ చదవగలదు. కావలసిన సరుకంతా కార్డులోనే ఉన్నంతసేపూ స్లాట్‌తో పెద్దగా పని పడదు.

తంటా వచ్చేది 8 జీబీ నిండిపోయినప్పుడు. మిగిలింది విండోస్ మన ర్యామ్‌లోకి తోస్తుంది, కార్డు దాన్ని ప్రతిసారీ స్లాట్ గుండా తెచ్చుకోవాలి. ఫ్రేముకు ఒక 300 ఎంబీ అలా తేవాల్సి వచ్చిందనుకోండి. 3.0లో ఆ తెచ్చుకోవడానికే 38 మిల్లీసెకన్లు, అంటే 26 ఫ్రేముల దగ్గర కూలబడుతుంది. 4.0లో 19 మిల్లీసెకన్లు, 52 దాకా రావచ్చు. ఇక్కడ నిజంగానే సగానికి సగం తేడా. అయితే ఒకటి గమనించండి, 4.0 బోర్డులో కూడా ఆట హాయిగా ఏమీ సాగడం లేదు. మెమరీ చాలకపోవడమే జబ్బు, స్లాట్ దాన్ని ఇంకాస్త ముదరబెడుతుంది, అంతే.

ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ గేములో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అందులో `Texture Pool Size` అని సెట్టింగ్ ఉంది. ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోతే ఫ్రేములు దాదాపు మారవు, ఒక మెట్టు దగ్గర మాత్రం ఉన్నట్టుండి కుప్పకూలుతాయి. ఆ సమయంలో టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరిచి ఉంచండి. `Dedicated GPU memory` 8 జీబీ అంచున ఆగిపోయి, `Shared GPU memory` పైకి ఎక్కుతుంటే మీ తడబాటుకు కారణం దొరికినట్టే. టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గించగానే పోతుంది. తగ్గించినా పోకపోతే తప్పు స్లాట్‌ది కాదు, ఎక్కువగా ప్రాసెసర్‌దే అయి ఉంటుంది. అది తేల్చుకోవడానికి రిజల్యూషన్ తగ్గించి చూడండి, అప్పటికీ ఫ్రేములు పెరగకపోతే ప్రాసెసరే. రైజెన్ 5 2600 ఇంకా వాడుతూ స్లాట్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

కొత్త బోర్డు కొనకుండానే అది మీకు ఎంత కలిసొస్తుందో చూసుకునే ఉపాయం ఒకటుంది. బయోస్‌లో స్లాట్ స్పీడును `Gen3` నుంచి `Gen2`కి దించండి (ఆ సెట్టింగ్ పేరు బోర్డును బట్టి మారుతుంది). దారి 4 జీబీకి సగమవుతుంది. మీరు ఆడే గేములో అదే చోట, అదే సెట్టింగులతో రెండింటిలోనూ కొలవండి. ఉదాహరణకు `Gen2`లో 80, `Gen3`లో 84 వచ్చాయంటే ఫ్రేముకు 0.6 మిల్లీసెకను మిగిలింది. దారి ఇంకోసారి రెట్టింపైతే మిగిలేది అందులో సగమే, 0.3. అంటే 4.0 బోర్డు మీద మీకు వచ్చేది 86. ఆ రెండు ఫ్రేముల కోసం బోర్డు మార్చాలో వద్దో మీ ఇష్టం. కొలిచాక `Gen3`కి తిరిగి పెట్టడం మరిచిపోవద్దు.

లేన్లు తగ్గడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. జీపీయూ-జెడ్‌లో `Bus Interface` దగ్గర `PCIe x8 4.0 @ x8 3.0` అని ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. పని లేనప్పుడు అక్కడ `1.1` అని కనిపిస్తుంది. కరెంటు ఆదా కోసం కార్డే దించుకుంటుంది, దాని గురించి కంగారు అక్కర్లేదు. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి టెస్టు నడిపి అప్పుడు చూడండి. లేకపోతే గేము నడుస్తుండగా కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
nvidia-smi --query-gpu=pcie.link.gen.current,pcie.link.width.current --format=csv
```

`3, 8` రావాలి. `3, 4` వచ్చిందంటే దారి 3.9 జీబీకి పడిపోయింది. దీనికి రెండు కారణాలు. ఒకటి, కార్డును రెండో పొడవాటి స్లాట్‌లో పెట్టి ఉంటారు. చాలా బీ450 బోర్డుల్లో అది చిప్‌సెట్ నుంచి వచ్చే 2.0 నాలుగు లేన్లదే, అలాగైతే `2, 4` అని కూడా రావచ్చు. రెండోది మన దుమ్ము. ఎండాకాలం కేసు పక్క తలుపు తీసేసి ఫ్యాన్ పెట్టుకునే ఇళ్లలో స్లాట్ నిండా మట్టి చేరుతుంది. దానికితోడు కార్డు బరువుకు వెనకవైపు కిందికి వాలితే కొన్ని పిన్నులు సరిగా తగలవు. కరెంటు తీసేసి, కార్డు బయటికి లాగి, బంగారు పూత పళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. స్లాట్‌ను మెత్తటి పొడి బ్రష్షుతో దులిపి, కార్డు కింద ఆనుడు పెట్టి బిగించండి. ఈవెంట్ వ్యూయర్‌లో `WHEA-Logger` పేరుతో 17 నంబరు హెచ్చరికలు వరసగా పడుతుంటే కూడా ముందు ఇదే చేయండి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకూ ఈ స్లాట్ చాలు. 4కే ఫ్రేము మామూలు 8 బిట్లలో 33 ఎంబీ, సెకనుకు 30 ఫ్రేములైతే 1 జీబీ. రెండు మూడు ట్రాకులు ఒకదానిమీద ఒకటి వేసినా 7.9 జీబీలో ఇమిడిపోతుంది. బ్లెండర్‌లో సీను ఒకసారి ఎక్కించాక స్లాట్‌కు దాదాపు పనే ఉండదు.

బోర్డు మార్చే డబ్బు చేతిలో ఉంటే, దాన్ని ఇదే కార్డు 16 జీబీ రకానికి కలపడం మేలు. నిండేదే లేనప్పుడు స్లాట్ గుండా తెచ్చుకునేదీ ఉండదు. బీ550కే వెళ్తామంటే ముందు ప్రాసెసర్ చూసుకోండి: 5600, 5700ఎక్స్ అయితే 4.0 వస్తుంది. 5500, 5600జీ అయితే బీ550 మీద కూడా మళ్లీ 3.0యే.