అమ్మానాన్నల తొలి ఉమ్రా: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి

హైదరాబాదు నుంచి అమ్మానాన్నలను ఉమ్రాకు తీసుకెళ్లే ముందు ఏజెంట్లందరూ చెప్పిన మాట ఒక్కటే: హోటల్ కాబా ఉన్న మసీదు హరమ్‌కు 800 మీటర్లే, నడిచిపోవచ్చు. మక్కాలో ఐదు పూటల నమాజుకూ హరమ్‌కు వెళ్లి వస్తే 800 మీటర్లు రోజుకు 8 కిలోమీటర్లవుతుంది. కాబా చుట్టూ తిరిగే తవాఫ్, ఆ తర్వాతి సయీ వేరు. సయీలో సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు నడిస్తేనే మూడు కిలోమీటర్లు దాటుతుంది. పైగా అజ్యాద్ వైపు దారి ఎత్తుపల్లాలమయం. షటిల్ బస్సు ఉందన్నారు గానీ నమాజు వేళల్లో జనం పెరిగితే దారులు మూసేస్తారు, బస్సు దూరంగానే దింపేస్తుంది.

అందుకే మక్కాలో ఖరీదెక్కువైనా హరమ్‌కు దగ్గరి గది తీసుకుని, మదీనాలో తగ్గించాం. మస్జిదె నబవీ చుట్టుపక్కల నేల చదునుగా ఉంటుంది, కాస్త దూరమైనా మోకాళ్లు మొరాయించవు. తిండికి మక్కాలో మిస్ఫలా వైపు మన రుచికి దగ్గరి అన్నం, పప్పు దొరికాయి. కాబట్టి భోజనంతో కలిపిన ప్యాకేజీ వద్దనుకున్నా నష్టమేమీ లేదు.

ఆరోగ్య పరీక్షల్లో ఈసీజీ, చక్కెర, రక్తపోటు అందరూ చేయిస్తారు. నన్నడిగితే అంతకన్నా ముఖ్యమైన పరీక్ష, బయలుదేరడానికి నెలన్నర ముందు ఊళ్లోనే ఆగకుండా మూడు కిలోమీటర్లు నడిపించి చూడడం. నాన్న నడిచారు, అమ్మ సగంలోనే కూర్చున్నారు. దాంతో ఆమెకు చక్రాల కుర్చీ అద్దె, తోసేవారి కూలి లెక్కలో ముందే వేసుకున్నాం. కుర్చీలో వెళ్లేవారిని పై అంతస్తులకు పంపుతారు, అక్కడ తవాఫ్ చుట్టు పెద్దది, సమయమూ ఎక్కువే పడుతుంది.

మందుల సంగతి చాలామందికి తెలియదు. మధుమేహంతో వచ్చే పాదాల మంటకు ఇక్కడ మామూలుగా రాసే ప్రెగాబాలిన్, నొప్పికి వాడే ట్రామడాల్ సౌదీలో నియంత్రిత మందులు. వాటిని తీసుకెళ్లాలంటే వైద్యుడి చీటీతో అక్కడి ఆహార, ఔషధ సంస్థ అనుమతిని ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అమ్మకు వైద్యురాలు వేరే మందు రాసి, అది సరిపడుతుందో లేదో కొన్ని వారాలు ఇంటి దగ్గరే చూశారు. ఇన్సులిన్‌ను సామానులో వేయకుండా చేతిసంచిలోనే ఉంచాలి, విమానం అడుగు అరలో అది గడ్డకట్టే ప్రమాదం ఉంది.

మెనింజైటిస్ టీకా అక్కడికి చేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని, ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఆధార్‌లో ఒకలా, ఓటరు కార్డులో ఇంకోలా పేరున్న పెద్దవాళ్లకు ముందుగా ఆ సవరణకే నెలలు పట్టవచ్చు, కాబట్టి టికెట్ల కంటే ముందు ఆ పని మొదలుపెట్టాలి.

ఇంకొక లెక్క. ప్యాకేజీ సొమ్ము మీద ఏజెంటు టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తాడు. అది ఎవరి పాన్ ఇస్తే వారి పేరున జమవుతుంది. నాన్నకు పన్ను కట్టేంత ఆదాయం లేదు. అయినా ఆ సొమ్ము తిరిగి రావాలంటే ఆయన పేరున రిటర్ను వేయాల్సిందే. బిల్లులో టీసీఎస్‌ను విడిగా చూపించమని ఏజెంటును అడగండి.