టీవీలో వచ్చే ఉచిత ఛానళ్లు: నా గొడవంతా ఆ ఖాళీ బ్రేక్‌తోనే

శాంసంగ్ టీవీ ప్లస్, ఎల్‌జీ ఛానల్స్ లాంటివి, అంటే స్మార్ట్ టీవీలోనే ముందుగా పెట్టి ఇచ్చే ఉచిత లైవ్ ఛానళ్లు, మా ఇంట్లో చాలాకాలంగా రోజూ నడుస్తున్నాయి. ఎన్ని ఛానళ్లున్నాయి, ఎలా పెట్టుకోవాలి అనేవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నా కోపమంతా ఒక్కదాని మీదే: యాడ్స్ మధ్యలో వచ్చే ‘కాసేపట్లో తిరిగొస్తాం’ అనే బోర్డు.

యాడ్స్ వస్తాయని తెలిసే చూస్తున్నాం, దాంతో పేచీ లేదు. ఒక రాత్రి ఏదో పాత డిటెక్టివ్ సినిమా చూస్తున్నాం. చివరికొచ్చేసింది, సాక్షి నోరు విప్పి "ఆ రోజు గదిలో ఉన్నది..." అన్నాడో లేదో తెగిపోయింది. ఒక సబ్బు యాడ్, వెంటనే మళ్లీ అదే సబ్బు యాడ్, ఆ తర్వాత నీలం తెర మీద ఆ బోర్డు. వెనకాల ఒక చిన్న మ్యూజిక్ ముక్క అయిపోగానే మళ్లీ మొదలవుతూ నిమిషం పైనే సాగింది. మా తమ్ముడు నెట్ పోయిందని రూటర్ ఆపి వేయడానికి లేచాడు. నెట్ సమస్య అయితే అలా ఉండదు, ముందు బొమ్మ మసకబారుతుంది, తర్వాత చక్రం తిరుగుతుంది. ఇక్కడ బోర్డు మీద అక్షరాలు అద్దంలా ఉన్నాయి. కాసేపటికి ఆ మ్యూజిక్ సగంలో ఠక్కున తెగి సినిమా వచ్చింది. అప్పటికే గదిలో అందరూ నివ్వెరపోయి చూస్తున్నారు, పేరు మాత్రం మాకు వినపడలేదు. వెనక్కి తిప్పుదామంటే ఆ ఛానల్లో ఆ సౌకర్యమే లేదు!

ఇది ఎందుకిలా జరుగుతుందో తెలిశాక కోపం తగ్గలేదు కానీ విషయం అర్థమైంది. ఈ ఛానళ్లు నెట్ ద్వారా వచ్చినా పద్ధతి పాత టీవీదే, అందరికీ ఒకే ప్రసారం ఒకేసారి నడుస్తుంది. అందులో బ్రేక్ ఎక్కడ మొదలవ్వాలో, ఎంతసేపు ఉండాలో చెప్పే గుర్తులు ముందే పెడతారు, ఎస్‌సీటీఈ-35 అంటారు వాటిని. గుర్తు రాగానే సర్వర్ మన టీవీ కోసం యాడ్స్ వెతికి ప్రసారంలోనే అతికించి పంపిస్తుంది. రెండు నిమిషాల బ్రేక్ అని గుర్తు ఉండి, ఆ సమయానికి నిమిషం యాడ్సే దొరికితే మిగతా నిమిషం ఆ బోర్డే గతి. లైవ్ కాబట్టి మన ఒక్కరి కోసం సినిమా ముందుగా మొదలవ్వదు. ఆ గుర్తు సరైన చోట పడకపోతే అతుకు అటూ ఇటూ జరిగి రెండు మూడు మాటలు మింగేస్తుంది. మాకు పోయిన పేరు అలా పోయిందే అని నా నమ్మకం.

ఓటీటీ యాప్‌లతో అసలు తేడా ఇక్కడే ఉంది. యాడ్స్ ఉండే చవక ప్లాన్ తీసుకున్నా సరే, అక్కడ సినిమా మన ఒక్కరి కోసమే నడుస్తుంది కాబట్టి యాడ్ దొరకకపోతే బ్రేక్ లేకుండా ముందుకెళ్లిపోవచ్చు. మాట మిస్సయితే పది సెకన్లు వెనక్కి వెళ్లి వినొచ్చు. ఉచిత ఛానళ్లలో సినిమా మొదటి నుంచి చూసే వీలు కొన్నిచోట్ల ఉన్నా మా టీవీలో చాలా ఛానళ్లకి లేదు.

మొదట్లో తెలిసినవాళ్లందరికీ ఇవి చాలు, డబ్బులు కట్టే యాప్‌లు తీసేయండి అని చెప్పేదాన్ని. ఏం చూడాలా అని వెతుక్కునే పని లేకుండా టీవీ వేయగానే ఏదో ఒకటి నడుస్తూ ఉండటం ఇప్పటికీ నాకు ఇష్టమే. కాకపోతే ఆ మాట వంట కార్యక్రమాలకి, వార్తలకి, టీవీ కోసమే తీసిన పాత సీరియళ్లకి వర్తిస్తుంది. సీరియల్లో బ్రేక్ ఎక్కడ రావాలో తీసేటప్పుడే అనుకుని ఉంటారు కాబట్టి అతుకు పెద్దగా తెలియదు. సినిమాకి అలాంటి చోట్లు ఉండవు.

ఈ ఛానళ్లు లాగిన్ అడగవని మొదట్లో మురిసిపోయాను, అది కూడా కొంచెం సవరించుకోవాలి. పేరు అడగకపోయినా ఏం చూస్తున్నామో టీవీ గమనించగలదు. ఇలా జనం ఏం చూస్తున్నారో ఆ వివరాలు అనుమతి లేకుండా సేకరించిందన్న కేసులో టీవీలు అమ్మే విజియో కంపెనీ 2017లో అమెరికాలో 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. శాంసంగ్ సెట్టింగ్స్‌లో Viewing Information Services, ఎల్‌జీలో Live Plus అని ఉంటాయి, అవి ఆపేసినా ఛానళ్లు వస్తూనే ఉంటాయి, యాడ్స్ మాత్రం తగ్గవు.

మా ఇంట్లో పగలంతా ఎవరో ఒకరు పని చేసుకుంటూ టీవీ వింటారు కాబట్టి ఇవి తీసేసే ఆలోచన లేదు. సినిమాల కోసం ఒక్క ఓటీటీ ఉంచుకున్నాం. రోజుకి గంట మాత్రమే, అదీ కూర్చుని శ్రద్ధగా చూసే ఇల్లయితే నా లెక్క మీకు సరిపోకపోవచ్చు.